వందమంది కాగితం

మా అక్క పనిచేసిన గదికి కిటికీ లేదు. ఆసుపత్రి మెట్ల కింద మిగిలిపోయిన చోటుకి ఒక తలుపు బిగించి, దాన్నే గది అన్నారు. మెట్లతో పాటు పైకప్పు కూడా ఏటవాలుగా దిగేది. చివర ఉన్న బీరువా దాకా వెళ్లాలంటే నడుం వంచాల్సిందే. తలుపు నేలకి రాసుకునేది. పిడి పట్టుకుని కాస్త పైకెత్తితేనే కదిలేది. ఆ సంగతి తెలియని వాళ్లు లోపల చిక్కుకుపోయి కంగారుగా తలుపు గుంజేవాళ్లు. అక్క బల్ల దగ్గర నుంచి లేవకుండానే, "ఎత్తి లాగండి, ఎత్తి!" అని అరిచేది. ఇరవై రెండేళ్లలో ఆ మాట ఎన్ని వేలసార్లు అనుంటుందో!

రోగులకి ఇచ్చే కాగితాల మీద బొమ్మలు గీయడం అక్క ఉద్యోగం. చేతులు ఎలా కడుక్కోవాలి, కుట్లు తడవకుండా స్నానం ఎలా చేయాలి, ఏ మాత్ర పొద్దున, ఏ మాత్ర సాయంత్రం. చదువు వచ్చినవాళ్లకీ రానివాళ్లకీ ఒకేలా అర్థం కావాలి. ఆసుపత్రిలో ఆమె అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు. అందరికీ బొమ్మలమ్మే. ఒకసారి నేను గేటు దగ్గర అక్క పేరు చెప్పి అడిగితే కాపలాదారు తల గోక్కుని, "అలాంటివాళ్లు ఎవరూ లేరండీ ఇక్కడ" అన్నాడు. "బొమ్మలు గీస్తుందయ్యా" అన్నాను. "అలా చెప్పరేం మరి! బొమ్మలమ్మ" అని లోపలికి తీసుకెళ్లాడు.

ఆపరేషను ముందు రోగి చేత, ఇంట్లోవాళ్ల చేత సంతకం చేయిస్తారు కదా, ఆ కాగితం మీద ఒక గుండ్రటి బొమ్మ ఉండేది. ఇంగ్లీషులో 'పై చార్టు' అంటారు. ఒక చక్రం, అందులో కోసిన ముక్కలు. ప్రమాదం నూటికి ఆరు అయితే సన్నటి ముక్కకి రంగు, మిగతాదంతా తెలుపు. శస్త్రచికిత్సల విభాగానికి పెద్ద అయిన డాక్టరు గారికి అదంటే మక్కువ. "శుభ్రంగా ఉంటుంది, ఒక్క చూపులో తేలిపోతుంది" అనేవారు. అక్కకీ అందులో తప్పేం కనబడలేదు. ఏళ్ల తరబడి వృత్తలేఖినితో చక్రాలు గీసింది.

ఒకరోజు ఒక దర్జీ పనిచేసే ఆవిడ తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం.

"ఇది గీసింది మీరేనా అమ్మా?"

"నేనే. ఏం కావాలి?"

ఆవిడ కాగితం బల్ల మీద పరిచి, రంగు వేసిన ముక్క మీద వేలు పెట్టింది. బట్ట మీద కొలత పెట్టే మనిషి వేలు కదా, సరిగ్గా అంచు మీద పడింది.

"ఈ సందులో మా ఆయన ఉన్నాడని నాకెవరూ చెప్పలేదమ్మా. గీతలా ఉంది. ఇంతేగా అనుకున్నాను. సంతకం పెట్టాను."

అరవలేదు, ఏడవలేదు. కాగితం మళ్లీ మడిచి జాకెట్లో పెట్టుకుని వెళ్లబోయింది. తలుపు రాలేదు. రెండుసార్లు గుంజింది.

"నా జన్మలో ఆ ఒక్కరోజే లేచి వెళ్లి తలుపు తీశాను" అంది అక్క నాతో.

ఆ వారమంతా అక్క ముభావంగా ఉంది. నేను బడిలో పాఠాలు చెప్పి వస్తూ వాళ్లింట్లో ఆగితే, వంటగది గట్టు మీద కాగితాలు పరుచుకుని కూర్చుని ఉంది. నన్ను చూడగానే అంది.

"ఒసే, గుండ్రం చూస్తే నీకేం గుర్తొస్తుంది?"

"బండి చక్రం. పళ్లెం."

"పళ్లెంలోంచి సన్న ముక్క తీసేస్తే ఎవరన్నా ఏడుస్తారా?"

"ముక్క కోసం ఎందుకు ఏడుస్తారు?"

"అదే మరి. నూటికి ఆరు అంటే ఆరుగురు. ముక్క కాదు. వందమంది మనుషుల్ని గీస్తాను. ఆరుగురికి రంగు వేస్తాను. అప్పుడు చూస్తాను ఎవరు గీత అంటారో."

పదకొండు రోజులు గీసింది. ఆసుపత్రి వరండాలో మందుల కోసం బారులు తీరిన వాళ్లని చూస్తూ ఒక్కొక్కరినే తెచ్చి కాగితం మీద నిలబెట్టింది. కర్ర పట్టుకున్న ముసలమ్మ, జడ వెనక్కి విసిరే కాలేజీ పిల్ల, పొట్ట మీద చేతులు కట్టుకున్న లావుపాటి మనిషి, కళ్లజోడు, బట్టతల, చంకలో బిడ్డ. అందులో భుజాన సంచితో నేనున్నాను. స్టీరింగు పట్టుకున్నట్టు చేతులు చాచి మా బావ ఉన్నాడు. ఆయన సిటీ బస్సు డ్రైవరు. "నన్ను బస్సు లేకుండా గీశావేంటే, గాల్లో నడుపుతున్నట్టుంది" అని గోల పెట్టాడు. అక్కకి ఆ వందమంది మీద ఎంత ప్రేమో! వాళ్లలో ఆరుగురికి అక్కడక్కడా రంగు వేసింది. ఎవరికి వేయాలో తేల్చుకోలేక కళ్లు మూసుకుని పెన్సిలు పెట్టిందట.

ఆపరేషన్ల విభాగంలోనే పనిచేసే కుర్ర డాక్టరు, అందరూ చిన్న డాక్టరమ్మ అనేవాళ్లు, ముచ్చటపడి కాగితాన్ని రోగుల ముందు పెట్టింది. నాలుగు రోజులకి మెట్ల కింద గదికి వచ్చి కుర్చీలో కూలబడింది.

"బొమ్మలమ్మా, మీరు మరీ బాగా గీశారు. చిక్కంతా అదే."

ఏమైందంటే, ఒక తాపీ మేస్త్రీ కాగితాన్ని తేరిపార చూసి, బట్టతల బొమ్మ మీద వేలు పెట్టాడట. "వీడు నేనే. రంగు లేదు. నాకేం కాదు. సంతకం ఎక్కడ?" అన్నాడట. ఆ మర్నాడు ఒక ముసలావిడ. కర్ర పట్టుకున్న బొమ్మకి రంగు ఉంది. "నన్ను అప్పుడే పంపించేశారుగా" అని చెప్పి, తన కర్ర తీసుకుని వెళ్లిపోయింది. ఎంత బతిమాలినా వెనక్కి రాలేదు.

"మూడో ఆయన రంగువాళ్లని లెక్కపెట్టి అయిదుగురే అన్నాడు. నాలుగో ఆయన ఏడుగురన్నాడు. చెల్లాచెదురుగా ఉంటే కళ్లకి అందడం లేదు" అంది చిన్న డాక్టరమ్మ.

అక్క ఆ కాగితాన్ని బీరువాలో పెట్టి, కొత్త కాగితం తీసింది. ఈసారి ఒక్క మనిషినే గీసింది. గుండ్రటి తల, రెండు భుజాలు, కిందికి దిగే ఒళ్లు. ఆడ కాదు, మగ కాదు, ముసలి కాదు, పడుచు కాదు. ఆ ఒక్కరినే వందసార్లు వేసింది. పదిమంది చొప్పున పది వరుసలు, వరుస చూడగానే పది అని తెలిసేలా. ప్రమాదంలో పడేవాళ్లని చెదరగొట్టకుండా అట్టడుగు వరుసలో ఎడమ నుంచి పక్కపక్కనే పెట్టింది. రంగు కూడా మానేసింది. జిరాక్సు తీస్తే రంగు నిలవదని వాళ్ల ఒళ్లు నల్లగా నింపి, మిగతావాళ్లని గీతతోనే వదిలింది. మిగతావాళ్లని చెరపకూడదు, వాళ్లూ కనపడుతూ ఉండాలి, అదే ఈ కాగితానికి ప్రాణం అనేది. కింద ఒక వాక్యం: 'మీలాంటి వందమందిలో ఇంతమందికి ఇలా అవుతుంది. మీరు వీళ్లలో ఎవరన్నది ఈ కాగితం చెప్పలేదు.'

"వందమందిని ఒక్క మనిషిని చేసేశానే" అంది నాతో. మొహాలు తీసేసినందుకు ఆమెకి దిగులుగానే ఉండేది.

పెద్ద డాక్టరు గారు చూసి పెదవి విరిచారు. "ఏంటిది, చీమల బారు!" అన్నారు. కానీ ఒకసారి తన ఎదురుగానే ఒక రోగి భార్య ఆ నల్లటి ఆరుగురి మీద అరచెయ్యి ఆనించి, "వీళ్లకి ఏమవుతుందండీ? ఎలా పోతారు? ముందే తెలుస్తుందా?" అని అడిగింది. ఇన్నేళ్లలో ఆ చక్రాన్ని చూపించి ఎవరూ ఆ ప్రశ్న వేయలేదని ఆయనే ఒప్పుకున్నారట. ఆ తర్వాత ఆసుపత్రి మొత్తం చక్రాలు పోయి వందమంది కాగితాలు వచ్చాయి. సంఖ్య మారితే నలుపు మారుతుంది, అంతే. అక్క అంకె రాయాల్సిన చోటు, ఎంత కాలంలో అన్నది రాయాల్సిన చోటు ఖాళీగా వదిలేది. డాక్టర్లు నింపుకునేవాళ్లు.

అక్కకి యాభై ఒకటో ఏట ఒకరోజు మెట్ల కప్పుకి తల కొట్టుకుంది. రోజూ కొట్టుకునేదే. ఈసారి వాపు తగ్గలేదని పట్టుబట్టి చిన్న డాక్టరమ్మ స్కానింగు చేయించింది. దెబ్బ ఏమీ చేయలేదు. కానీ స్కానింగులో ఇంకోటి కనిపించింది. మెదడులో ఒక రక్తనాళం ఒకచోట బలహీనపడి చిన్న బుడగలా ఉబ్బింది. ఎన్నాళ్లనుంచి ఉందో తెలియదు. నొప్పి లేదు, ఏమీ లేదు. చిట్లితే మాత్రం చిట్లినట్టే.

మేం ముగ్గురం వెళ్లాం. అక్క, బావ, నేను. అప్పటికి చిన్న డాక్టరమ్మ జుట్టులో తెల్ల వెంట్రుకలు వచ్చాయి. పేరు మాత్రం మారలేదు. ఆమె సొరుగు తీసి రెండు కాగితాలు బల్ల మీద పెట్టింది. పెట్టేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగింది. అవి అక్క గీసినవే.

ఒకదాంట్లో అడుగున ఒక వరుస పూర్తిగా, పై వరుసలో ఇద్దరు నల్లగా ఉన్నారు. పన్నెండుమంది. ఇంకోదాంట్లో ఆరుగురు.

"ఇది ఏమీ చేయకుండా వదిలేస్తే. ఇది ఆపరేషను చేస్తే" అంది.

అక్క రెండింటినీ దగ్గరికి లాక్కుని, కళ్లజోడు సర్దుకుని, పని చూసే కళ్లతో చూసింది.

"ఎంత కాలంలోనో రాయలేదేంటమ్మా? రెండూ ఒకే కాలానికి కాదుగా?"

డాక్టరమ్మ కలం తీసుకుని మొదటిదాని మీద 'పదేళ్లలో', రెండోదాని మీద 'నెలలోపు' అని రాసింది. "ఈ పన్నెండుమందికీ చిట్లుతుంది. చిట్లితే సగానికి దగ్గరగా బతకరు. బతికినవాళ్లలో చాలామంది మునుపటిలా ఉండరు. ఈ ఆరుగురిలో పోయేవాళ్లూ ఉంటారు, మాటో చెయ్యో పడిపోయేవాళ్లూ ఉంటారు. మీ వయసుకి, ఈ సైజుకి ఉజ్జాయింపుగా ఇదీ లెక్క. ఇది చేయండి అని నేను చెప్పలేను. రెండూ తప్పు కాదు."

బావ కాగితాలకేసి చూడకుండా గోడకేసి చూస్తున్నాడు. "ఆ గుండ్రటిది లేదా అమ్మా? పాతది?" అన్నాడు.

"ఏం? అందులో అయితే నేను కనపడననా?" అంది అక్క.

"నా బస్సులో యాభైమంది కూర్చుంటారు" అన్నాడు బావ. "రెండు బస్సులు. అందులో ఆరుగురు దిగరు అని ముందే తెలిస్తే నేను బస్సు తీయను. తీయలేను."

"తీయకపోతే పన్నెండుమంది, ఏమండీ."

"వాళ్లు పదేళ్లలో కదా! ఎప్పుడో, ఎక్కడో. దీనికి నేనే నిన్ను కూర్చోబెట్టి, నేనే తీసుకొచ్చి, వీళ్ల చేతుల్లో పెట్టాలి. రేపే."

అక్క అప్పుడు కాగితాలు వదిలేసి ఆయన్నే చూసింది. నాకు ఆ చూపు బాగా గుర్తు. అక్కకి ఆపరేషను చేయించుకోవాలనే ఉండింది. ఏదో ఒకటి తేలిపోవాలనే మనిషి. కానీ ఆ చూపులో లెక్క మారిపోయింది. బయటికి వచ్చాక నా చెవిలో అంది. "నా తలలో బుడగ ఉంది. ఆయన తలలో ఆ ఆరుగురు ఉన్నారు. దేనికని ఆపరేషను చేయిస్తాం?"

వదిలేద్దాం, ఏటేటా స్కానింగు తీయించుకుంటూ చూద్దాం అనుకున్నారు.

ఆ తర్వాత ఇల్లు ఇల్లులా లేదు. బావ బకెట్టు ఎత్తనిచ్చేవాడు కాదు. బట్టలు ఆరేయనిచ్చేవాడు కాదు. చేతులు పైకెత్తకూడదట. తుమ్మితే పరిగెత్తుకొచ్చేవాడు. తలుపుల బిజాగరాలకి నూనె రాశాడు, చప్పుడుకి ఉలిక్కిపడుతుందేమోనని. ఇవేవీ డాక్టరమ్మ చెప్పినవి కావు. రక్తపోటు చూసుకోండి, మాత్ర మానకండి, మిగతా అంతా మామూలే అని ఆమె చెప్పి పంపించింది. బావకి ఆ 'మామూలు' చెవికెక్కలేదు.

అన్నిటికంటే ఘోరం, ఆయన పోట్లాడటం మానేశాడు. వాళ్లిద్దరూ పాతికేళ్లుగా రోజుకో మాటు పోట్లాడుకుని బతికినవాళ్లు. టీలో చక్కెర తగ్గిందని ఒకటి, గొళ్లెం పెట్టలేదని ఒకటి. పక్కింటివాళ్లు గడియారం చూసుకోనక్కర్లేదు అనేవాళ్లు. ఇప్పుడు అక్క ఏమన్నా, "సరే, నువ్వన్నట్టే" అనేవాడు మెత్తగా. ఆయన జోకులు కూడా పోయాయి. నవ్వితే నరం పొంగుతుందేమో అనుకున్నాడేమో మరి. నేను వెళ్తే గుమ్మంలోనే వేలు పెదాల మీద పెట్టుకుని, "మరదలా, మెల్లగా" అనేవాడు. ఆ ఇంట్లో మేం దొంగల్లా తిరిగేవాళ్లం.

ఒక మధ్యాహ్నం అక్క కావాలనే చెయ్యి జార్చి స్టీలు గిన్నె నేల మీద పడేసింది. గిన్నె గిర్రున తిరిగి తిరిగి ఆగింది. బావ వచ్చి చూశాడు. ఒక్క మాట అనలేదు. వంగి గిన్నె తీసి, గుడ్డతో తుడిచి, అలమరలో పెట్టి వెళ్లాడు.

"చూశావా?" అంది అక్క. "ఒక్కసారి నన్ను తిట్టమని చెప్పవే ఆయనకి. నా గదికే కిటికీ లేదనుకున్నాను. ఇప్పుడు ఇంటికి కూడా లేదు."

ఆసుపత్రి పని ఒక్కటీ మానలేదు. అక్కడయినా ఎవరో ఒకరు తలుపు గుంజుతారు, తను అరవచ్చు. రెండుసార్లు స్కానింగు తీశారు. బుడగ పెరగలేదు. చిన్న డాక్టరమ్మ రెండుసార్లూ అదే మాట అంది. "మీరు మనసు మార్చుకుంటే దారి మూసుకుపోలేదు." బావ రెండుసార్లూ కిటికీలోంచి బయటికి చూశాడు.

రెండో స్కానింగు అయిన వారానికి, బావకి సెలవు రోజు, అక్క ఆయన్ని తన గదికి రమ్మంది. నన్నూ రమ్మంది. ఆయన ఎప్పుడూ రాలేదు అక్కడికి. వంగి లోపలికి అడుగుపెట్టగానే కప్పుకి నుదురు కొట్టుకుంది. "ఏంటే ఇది, పావురాల గూడా?" అన్నాడు. రెండేళ్లలో అదే మొదటిసారి ఆయన గొంతు పెరగడం.

అక్క బల్ల మీద ఒక తెల్ల కాగితం, ఒక పెన్సిలు పెట్టింది.

"వందమందిని గీయండి."

"నేనా? నాకు బొమ్మలొచ్చా?"

"గుండ్రం ఒకటి, భుజాలు ఒకటి. బస్సు నడిపే చేతులేగా, వణకవుగా. పదిమంది చొప్పున పది వరుసలు."

"అచ్చువి ఉన్నాయిగా కట్టలు కట్టలు!"

"అవి నేను గీసినవి. మీరు గీసినవి కావాలి."

కూర్చున్నాడు. మొదటి మనిషి తల పెద్దదై భుజాలు ఇరుకయ్యాయి. రెండోవాడు ఒరిగిపోయాడు. "ఈయన తాగొచ్చాడు" అన్నాను నేను. బావ నవ్వలేదు. అడుగు వరుస అయ్యాక పై వరుసలో ఇద్దరిని గీశాడు. అక్క, "ఆ పన్నెండుమందికీ నలుపు నింపండి" అంది. నింపాడు. ఒక్కొక్కరినీ నింపుతుంటే పెన్సిలు నొక్కుడుకి కాగితం వెనక్కి ఉబ్బింది. నింపి, పెన్సిలు కింద పెట్టేశాడు.

"అయిపోయింది."

"ఎక్కడ అయిపోయింది? పన్నెండేగా గీశారు. మిగతావాళ్లు?"

"వాళ్లెందుకే ఇప్పుడు?"

"మీరు రెండేళ్లుగా అంటున్నది అదే. వాళ్లెందుకు, వాళ్లెందుకు అని. గీయండి."

మళ్లీ పెన్సిలు తీసుకున్నాడు. ఆ గదిలో గాలి ఆడదు. బల్బు వేడి తల మీదే. నాకు కాళ్లు తిమ్మిరెక్కాయి. ఇరవై, ముప్పై. అక్క తన పని తను చూసుకుంటోంది. నలభై దగ్గర బావ వేళ్లు విదిలించి, "ఇంకా ఎంతమందే?" అన్నాడు. "సగం కూడా కాలేదు" అంది. యాభై అయ్యాక, "ఒక బస్సు నిండింది" అని తనలో తను అనుకున్నాడు. అరవైల్లో ఎక్కడో పెన్సిలు మొన విరిగింది. చెక్కుకుని మళ్లీ మొదలుపెట్టాడు. బొమ్మలు అప్పటికి బాగా కుదురుతున్నాయి. డెబ్బై ఎనిమిదో, తొమ్మిదో గీస్తూ ఆగి, కింది నుంచి పై దాకా చూశాడు. ఆ నలుపు అడుగునెక్కడో ఉంది. దాని మీద వరుసకి వరుస, వరుసకి వరుస, వంకర తలలతో నిలబడి ఉన్నారు జనం.

"ఇంతమంది ఉన్నారేంటే!" అన్నాడు.

ఆ గొంతు నేను మరిచిపోలేను. కోపమో ఆశ్చర్యమో తెలియదు. తలవంచుకుని మిగతావాళ్లని కూడా గీశాడు. వందో మనిషి అయ్యాక కాగితం అక్క వైపు తోశాడు.

"రెండేళ్లుగా నేను ఈ పన్నెండుమందితోనే కాపురం చేస్తున్నాను" అంది అక్క. "నేను వాళ్లలో లేనని అనడం లేదు. ఉండొచ్చు. రెండేళ్లు గడిచాయి కదా అని ప్రమాదం పోలేదు కూడా. కానీ ఈ ఎనభై ఎనిమిది మందిని కూడా మీరే గీశారు. వాళ్లలో ఒకరు బకెట్టు ఎత్తరా? గొడవ పడరా?"

బావ కాగితాన్ని మళ్లీ తన వైపు లాక్కున్నాడు. అప్పుడు అన్నాడు.

"ఆపరేషను చేయించుకుంటానంటే చెప్పు. నేనే తీసుకొస్తాను. బస్సు తీస్తాను."

అక్క ఆ మాట కోసం రెండేళ్లు ఆగింది. తీరా అది వచ్చాక, "ఇప్పుడు నాకే వద్దనిపిస్తోంది. నేనే అంటున్నాను, మీరు కాదు. గుర్తుంచుకోండి" అంది.

"మరి ఇందాకటి దాకా ఈ కొలిమిలో నన్ను కూర్చోబెట్టి చేతులు విరగ్గొట్టింది దేనికే!" అని అరిచాడు బావ. లేవబోయి మళ్లీ కప్పుకి కొట్టుకున్నాడు. తలుపు గుంజాడు. రాలేదు.

"ఎత్తి లాగండి, ఎత్తి!" అంది అక్క. నవ్వుతూ, ఏడుస్తూ అంది.

ఆ తర్వాత రెండేళ్ల ఏడు నెలలు. చక్కెర కోసం పోట్లాడుకున్నారు, గొళ్లెం కోసం పోట్లాడుకున్నారు. అక్క బకెట్లు ఎత్తింది. భయం పోయిందని చెప్పను. తలనొప్పి వచ్చిన ప్రతిసారీ ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం, ఆ తర్వాత ఎవరో ఒకరు మాట మార్చేవాళ్లం. గదికి కిటికీ రాలేదు. దాని తలుపు మాత్రం ఎలా తెరవాలో తెలిసింది.

ఒక మంగళవారం పొద్దున అక్క పనికి వెళ్తూ చెప్పులు వేసుకోడానికి వంగి, "అబ్బా, తల" అంది. అంతే. బావ అంబులెన్సు కోసం ఆగలేదు. పక్కింటివాళ్ల కారు అడిగి తీసుకుని తనే నడిపాడు. ఇరవై రెండేళ్లు ఆమె నడిచి వెళ్లిన గేటులోంచే తీసుకెళ్లాడు. కాపలాదారు, "అయ్యో, బొమ్మలమ్మా!" అన్నాడట. ఆ సాయంత్రానికి ఇక లేదు.

ఆపరేషను చేయించి ఉంటే? ఆ మాట నాకు ఇప్పటికీ రోజూ వస్తుంది. పళ్లు తోముకుంటుంటే వస్తుంది, పిల్లలకి ఎక్కాలు చెబుతుంటే వస్తుంది. ఆ ఆరుగురిలో ఉండేదో, తొంభై నలుగురిలో ఉండేదో. కాగితం దగ్గరికి వెళ్తాను, వెనక్కి వస్తాను. అది మొదటి రోజే చెప్పింది కదా, ఎవరన్నది చెప్పలేనని. అది అబద్ధం ఆడలేదు. దాని మీద కోపం తెచ్చుకోడానికి కూడా దారి లేదు.

నెల తర్వాత అక్క గది ఖాళీ చేయడానికి వెళ్లాను. బీరువాలో ఆ మొదటి కాగితం దొరికింది. కర్ర ముసలమ్మ, బట్టతల, గాల్లో బస్సు నడిపే బావ, సంచితో నేను. కళ్లు చించుకుని వెతికాను. వందమందిలో అక్క తనని గీసుకోలేదు.

దాన్ని బావకి ఇద్దామని తీసుకెళ్లాను. ఆయన ముందుగదిలో కూర్చుని ఉన్నాడు. ఆయన గీసిన కాగితం గోడకి మేకుతో కొట్టి ఉంది. అందులో ఎక్కడా కొత్తగా గుర్తు పెట్టలేదు. పన్నెండుమంది నలుపు అలాగే ఉంది, ఎనభై ఎనిమిది మంది వంకర తలలు అలాగే ఉన్నాయి.

"టీ తాగుతావా మరదలా?" అన్నాడు. నేను వద్దన్నాను. ఆయన లేవలేదు.

"వీళ్లు ఎక్కడో ఉంటారు కదా" అన్నాడు, గోడ వైపు చూపించి. "ఈ ఎనభై ఎనిమిది మంది. నిజంగానే ఉంటారు కదా. ఇదే బుడగ తలలో పెట్టుకుని, పదేళ్లూ ఏమీ కాకుండా."

"ఉంటారు బావా. లెక్క వాళ్లతోనే కదా కట్టింది."

ఆయన తల ఊపాడు. ఆ వంకర తలల్ని వరుసగా చూసుకుంటూ పోయాడు, కింది నుంచి పైకి.

"చల్లగా ఉండనీ" అన్నాడు.